‘సూపర్’ అంటే ఏం చేసినట్టు?

“సూపర్ టీమ్ ప్లేయర్! ఎప్పుడూ సాయం చేస్తారు. కీప్ ఇట్ అప్!” కంపెనీల్లో తోటి ఉద్యోగులను మెచ్చుకునే పోర్టల్ తెరిస్తే ఇలాంటి వాక్యాలే వరసగా కనిపిస్తాయి. పైనున్న పేరు చెరిపేసి పక్క సీటాయన పేరు పెట్టినా ఏమీ మారదు. లోపమంతా అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ 1 నుంచి ANDBతో మొదలయ్యే పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు చెల్లకుండా పోయాయి. జీతాల విభాగంలో ఒకావిడ ఈ సంగతి ముందే పసిగట్టారనుకుందాం. ఆమెకు “డెడికేషన్‌కు మారుపేరు” అని రాస్తే ఆమె చేసిన పని ఎవరికీ తెలియదు. అదే ఇలా రాస్తే?

“మార్చి చివర్లో ఉద్యోగుల జాబితాలోంచి ANDB కోడ్ ఉన్న 23 మందిని మీరు వేరుచేశారు. మెయిల్ పెట్టి ఊరుకోకుండా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కొత్త కోడ్ తీసుకున్నారు. ఏప్రిల్ జీతం ఒక్కరిది కూడా వెనక్కి రాలేదు.”

మూడే వాక్యాలు. మొదటిది ఎప్పుడు, ఎక్కడో చెప్పింది. రెండోది ఆమె ఏం చేశారో, మూడోది దానివల్ల ఏం జరిగిందో చెప్పాయి. అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ ‘సందర్భం, ప్రవర్తన, ప్రభావం’ అని నేర్పే పద్ధతి ఇదే. వీటిలో జనం ఎక్కువగా వదిలేసేది మధ్యదాన్ని. నిజానికి ప్రాణం “ఫోన్ చేసి” అన్న మాటలోనే ఉంది. ఏడాది చివర అప్రైజల్‌లో మేనేజర్‌కు పనికొచ్చేదీ, కొత్తగా చేరినవాళ్లు చూసి నేర్చుకునేదీ అదే.

వివరాల మోజులో తప్పులూ దొర్లుతాయి. “కంపెనీ పరువు కాపాడారు” అంటే చదివేవాళ్లు నవ్వుకుంటారు. 23 అన్న లెక్క తెలియకపోతే ఊహించి రాయడం కంటే “కొందరిని” అనడం మేలు. “పిల్లాడికి జ్వరమొచ్చినా పనిచేశారు” అన్నది మెచ్చుకోలుగానే అనిపించినా, ఆమె ఇంటి విషయాన్ని ఆఫీసంతటికీ చాటినట్టవుతుంది. ఆ జాబితా తీసిచ్చింది ఇంకొకరైతే వాళ్ల పేరు కూడా పడాలి. లేదంటే ఒకరికి సంతోషం, మరొకరికి కినుక.

ఇంత చిన్న పనికి రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని చాలామంది ఆగిపోతారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కృతజ్ఞత ఉత్తరం రాసినవాళ్లు అందుకున్నవాళ్ల ఇబ్బందిని ఉన్నదానికంటే ఎక్కువగా, వాళ్ల సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారని తేలింది.

రాసేదేదో ఆ వారంలోనే రాయాలి. నెల దాటితే ఆ 23 మంది, ఆ ఫోన్లు జ్ఞాపకంలోంచి జారిపోయి, మళ్లీ ‘సూపర్’ ఒక్కటే మిగులుతుంది.