గోడ మీద వైఫై నోటీసు, దాని వెనుక రౌటర్

బేకరీ అయినా, టిఫిన్ సెంటర్ అయినా, జిరాక్స్ షాపు అయినా కౌంటర్ పక్కన ‘మా కస్టమర్లకు ఉచిత వైఫై’ అన్న కాగితం ఇప్పుడు తరచూ కనిపిస్తోంది. షట్టర్ గది లోపలికి సిగ్నల్ సరిగా అందకపోతే ఫోన్‌పేలో డబ్బు పంపడానికి కూడా కస్టమర్ రోడ్డు మీదికి వెళ్లాలి. కాబట్టి ఈ వైఫై షాపు వాళ్ల అవసరం కూడా. అయితే నోటీసులోని ప్రతి లైనుకూ వెనుక రౌటర్‌లో ఒక సెట్టింగ్ ఉండాలి. అది లేని నియమం ఉత్త విన్నపమే.

ఒక చిన్న బేకరీనే తీసుకుందాం. 50 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది. బిల్లింగ్ కంప్యూటర్, సీసీ కెమెరాలు దాని మీదే నడుస్తున్నాయి. నోటీసు ఇలా రాశారనుకుందాం:

మా కస్టమర్లకు ఉచిత వైఫై
పేరు: Bakery_Guest
పాస్‌వర్డ్: vedi-tea-bun-47
పాస్‌వర్డ్ ప్రతి సోమవారం మారుతుంది.
సినిమాలు, పెద్ద ఫైళ్లు డౌన్‌లోడ్ చేయవద్దు.
వైఫై కోసం మేము ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ అడగము.

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది పేరులోని Guest. చాలా రౌటర్లలో ‘గెస్ట్ నెట్‌వర్క్’ అని విడిగా ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఒకే కనెక్షన్ మీద రెండు వైఫైలు నడుస్తాయి. ఒకటి షాపుది, రెండోది కస్టమర్లది. ఇలా విడదీయకుండా షాపు పాస్‌వర్డ్‌నే గోడకు అంటిస్తే, టీ తాగడానికి వచ్చినవాళ్ల ఫోన్లు, బిల్లింగ్ కంప్యూటర్, కెమెరాలు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి. తెలిసినవాళ్లు తలుచుకుంటే వాటిలోకి తొంగిచూసే ప్రయత్నం చేయవచ్చు.

పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలు ఉండాలి. షాపు పేరు, ఫోన్ నంబరు పెడితే ఎవరైనా ఊహిస్తారు. సున్నా, ఒకటి అంకెలు ఇంగ్లీషు అక్షరాల్లా కనిపించి తికమక పెడతాయి కాబట్టి వాటిని వదిలేయడం మేలు. ఒకసారి కనెక్ట్ అయిన ఫోన్ నుంచి క్యూఆర్ కోడ్ ద్వారా పాస్‌వర్డ్ ఇంకొకరికి క్షణంలో వెళ్లిపోతుంది. పై అంతస్తులో అద్దెకున్నవాళ్లూ వాడుతుండవచ్చు. షాపు మూసిన తర్వాత కూడా రౌటర్ జాబితాలో గెస్ట్ ఫోన్లు కనిపిస్తే జరుగుతున్నది అదే. వారానికోసారి మార్చేది అందుకే. గెస్ట్ పాస్‌వర్డ్ ఒక్కటే మారుతుంది కాబట్టి బిల్లింగ్‌కు ఇబ్బంది రాదు.

ఇక డౌన్‌లోడ్ల సంగతి. స్పష్టమైన హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ కావాలి. గెస్ట్ నెట్‌వర్క్‌కు 20 ఎంబీపీఎస్ పరిమితి పెడితే నలుగురు వీడియోలు చూస్తున్నా షాపు పనికి 30 మిగులుతుంది. ‘ఒక్కొక్కరికి అరగంట’ అని కొందరు రాస్తుంటారు గానీ, ఇళ్లలో వాడే మామూలు రౌటర్లు చాలావాటిలో మనిషికింత సమయమని లెక్కపెట్టే ఏర్పాటు ఉండదు. అమలు చేయలేని ఆ లైను లేకపోవడమే మంచిది.

కనెక్షన్ ఎవరి పేరున ఉంటే పోలీసులు మొదట వాళ్ల గుమ్మమే తొక్కుతారు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్, నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వెళ్లినట్టు తేలింది. పోలీసులు ఆయన్ని ప్రశ్నించారు. పాస్‌వర్డ్ పెట్టినా, ఎవరు ఏమి వాడారో మామూలు రౌటర్ గుర్తుపట్టి చెప్పలేదు. పైగా కొన్ని ప్లాన్ల షరతులు బయటివాళ్లకు పంచడాన్ని ఒప్పుకోవు. ముందే ఆపరేటర్‌ను అడగాలి. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి పథకం ఇందుకు సక్రమమైన దారి. టీకొట్టు, కిరాణా షాపు కూడా లైసెన్సు, రుసుము లేకుండా అందులో ప్రజా వైఫై పెట్టవచ్చు. వాడేవాళ్లను గుర్తించే పని ఆ పథకం యాప్ చూసుకుంటుంది.

నోటీసు చివరి లైను కస్టమర్ కోసం. మామూలు గెస్ట్ వైఫైకి పాస్‌వర్డ్ చాలు. పథకం యాప్‌లో మొదటిసారి నమోదుకు ఓటీపీ రావచ్చు గానీ, యూపీఐ పిన్ మాత్రం ఏ వైఫైకీ అక్కర్లేదు. అడిగితే అది మోసమే. గోడ మీద క్యూఆర్ ఉంటే దానిపై వేరే స్టిక్కర్ అంటించారేమో షాపు వాళ్లు రోజూ ఒకసారి చూసుకోవాలి.

నోటీసు అంటించే ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, గెస్ట్ వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొట్టండి. అది సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1. రౌటర్ లాగిన్ పేజీ తెరుచుకుంటే గెస్ట్ నెట్‌వర్క్ పూర్తిగా విడిపోలేదన్నమాట. కనెక్షన్ ఇచ్చినతన్ని పిలిచి సరిచేయించండి. పేజీ తెరుచుకోకపోయినా, రౌటర్‌తో పాటు వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మార్చాకే కాగితం గోడకెక్కాలి.