గోడ లోపలి లెక్కలు క్లౌడ్‌కు చేరే దారి

విజయవాడలో ఒక మందుల పంపిణీ సంస్థ ఉందనుకుందాం. బిల్లులన్నీ ఆఫీసులోని ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో ఉంటాయి. అమ్మకాల రిపోర్టు మాత్రం మైక్రోసాఫ్ట్ వారి పవర్ బీఐ క్లౌడ్‌లో ఉంటుంది. యజమాని పొద్దున్నే ఫోన్లో చూసేసరికి నిన్నటి బిల్లులు అందులో కనిపించాలి. అంటే రాత్రికి రాత్రే డేటా రిఫ్రెష్ కావాలి. కానీ బయటి నుంచి వచ్చే ఏ కనెక్షన్‌నూ ఆఫీసు ఫైర్‌వాల్ లోపలికి రానివ్వదు.

అలాగని డేటాబేస్ పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచేస్తే, పాస్‌వర్డులు ఊహిస్తూ తిరిగే దొంగలందరికీ దారి ఇచ్చినట్టే. ఆ అవసరం లేకుండా చేసేదే ఆన్-ప్రెమిసెస్ డేటా గేట్‌వే. ఆఫీసు లోపల, రాత్రిళ్లు కూడా ఆపని ఒక విండోస్ కంప్యూటర్‌లో దీన్ని ఇన్‌స్టాల్ చేస్తారు. రోజూ ఇంటికి తీసుకెళ్లే ల్యాప్‌టాప్ ఇందుకు పనికిరాదు.

గేట్‌వే తానే బయటికి వెళ్లి అజూర్ రిలే అనే క్లౌడ్ సర్వీసుతో కనెక్షన్ పెట్టుకుని ఉంటుంది. రిఫ్రెష్ వేళకు పవర్ బీఐ తన క్వెరీని ఆ కనెక్షన్ మీదుగానే పంపుతుంది. గేట్‌వే దాన్ని డేటాబేస్‌కు అందించి, వచ్చిన డేటాను తిరిగి క్లౌడ్‌కు చేరుస్తుంది. కాబట్టి ఫైర్‌వాల్‌లో బయటికి వెళ్లే దారి ఉంటే చాలు, లోపలికి వచ్చే పోర్టు ఒక్కటీ తెరవనక్కర్లేదు.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది సర్వర్ పేరు దగ్గర. రిపోర్టు తయారుచేసేటప్పుడు సర్వర్ అని అడిగిన చోట 192.168.1.20 అని ఇచ్చి, గేట్‌వే కనెక్షన్‌లో DBSRV01 అని రాస్తారు. రెండూ ఒకే యంత్రానివి. అయినా పవర్ బీఐ అక్షరాలనే పోల్చి చూస్తుంది కనుక, ఆ రిపోర్టుకు గేట్‌వే కుదరదు. రెండుచోట్లా సర్వర్ పేరు, డేటాబేస్ పేరు ఒకేలా ఉండాలి.

పేర్లు కలిసినా రిఫ్రెష్ ఫెయిలైతే, తెగింది ఏ వైపో చూడాలి. క్లౌడ్ వైపు సంగతి గేట్‌వే యాప్‌లోని Diagnostics పేజీలో ఉన్న నెట్‌వర్క్ పోర్టుల పరీక్ష చెబుతుంది. డేటాబేస్ వైపు సంగతి తెలియాలంటే గేట్‌వే కంప్యూటర్‌లోనే పవర్‌షెల్ తెరిచి ఈ కమాండ్ ఇవ్వాలి:

```
Test-NetConnection DBSRV01 -Port 1433
```

TcpTestSucceeded ఎదురుగా True వస్తే దారి బాగానే ఉంది, అప్పుడు యూజర్ పేరు, పాస్‌వర్డ్ చూడాలి. డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చి, గేట్‌వే కనెక్షన్‌లో మార్చడం మరిచిపోవడం తరచూ జరిగేదే. False వస్తే సర్వర్ ఆగిందా, పోర్టు మూసి ఉందా, పేరు తప్పిందా అన్నది నెట్‌వర్క్ చూసేవారు తేల్చాలి.

షెడ్యూల్ ప్రకారం జరిగే రిఫ్రెష్ వరుసగా 4 సార్లు ఫెయిలైతే పవర్ బీఐ ఆ షెడ్యూల్‌నే ఆపేస్తుంది. తప్పు సరిదిద్దినంత మాత్రాన అది మళ్లీ మొదలుకాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేయాలి, లేదంటే రిపోర్టు మామూలుగానే తెరుచుకుంటూ పాత అంకెలే చూపిస్తుంటుంది.