బాపూ, గిది పన్నెండు వోల్టులే

కొట్టంల లైటు పెడుత అంటే మా బాపు చేతిలకెళ్లి వైరు గుంజుకున్నడు. ‘బాయికాడ స్టార్టర్ డబ్బ ముట్టి ఎంతమంది పోయిండ్రో ఎరుకలేదారా?’ అన్నడు. ఆయన భయం నిజమే. గందుకే నేను ఇంటి 230 వోల్టుల లైన్ ముట్టలే, మందు కొట్టే పంపుల ఉండే 12 వోల్టుల బ్యాటరీ తీసిన.

లెక్క చెప్పిన. తడిసిన ఒంటి అడ్డు 1000 ఓములు అనుకుంటే, 230 వోల్టులకు 230 మిల్లియాంపులు ఒంట్లకెళ్లి పోతయ్. పానం తీసెటందుకు గవి చాలు. 12 వోల్టులకైతే 12 మిల్లియాంపులే, చురుక్కుమనొచ్చు. పొడి చేతికి తెల్వనే తెల్వది.

‘మరి ఇండ్ల భయమే లేదా?’

ఉన్నది బాపూ, కని గది షాక్ కాదు, మంట. ప్లస్సు, మైనస్సు వైర్లు తాకితే బ్యాటరీ ఒక్కసారే పదుల ఆంపులు ఇడుస్తది. సన్న వైరు ఎర్రగ కాలి గడ్డి అంటుకుంటది. గందుకే ప్లస్సుకు జానెడు దూరంలనే 2 ఆంపుల ఫ్యూజు పెట్టిన. 10 వాట్ల ఎల్‌ఈడీకి ఒక ఆంపు గూడ పట్టది.

వాకిట్ల, ఆయన ముందట్నే వైర్లు తాకిచ్చిన. ఫ్యూజు టప్‌మని పోయింది, వైరు వేడి గూడ కాలే.

చార్జరు మాత్రం 230 ప్లగ్గులనే పెట్టాలె గద, దాని డబ్బ ఇప్పద్దని బాపు షరతు పెట్టిండు. కొత్త ఫ్యూజు ఆయనే ఏసిండు.