ఉఖియాలో కూలి రేటు

2017 ఆగస్టు చివర్లో మయన్మార్ సైన్యం రఖైన్ రాష్ట్రంలో ఊళ్లకు ఊళ్లు తగలబెడుతుంటే, రోహింగ్యాలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు చేరారు. కొన్ని నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా వచ్చారు. సహాయ సంస్థలు కుదురుకోకముందు వాళ్లకు అన్నం వండి పెట్టి, పెరట్లో చోటిచ్చింది ఉఖియా, టెక్నాఫ్ ప్రాంతాల పల్లెవాసులే. మతం ఒకటే, మాట కూడా చిట్టగాంగ్ యాసకు దగ్గర. అయినా రెండేళ్లు తిరిగేసరికి అక్కడే ‘వీళ్లెప్పుడు వెళ్తారు?’ అన్న మాట మొదలైంది.

జాలి ఇంకిపోయిందని సరిపెట్టుకోవడం తేలిక. ఎవరి జాలి ఇంకిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 1951 శరణార్థుల ఒప్పందం మీద బంగ్లాదేశ్ సంతకం చేయలేదు. శిబిరంలోని వాళ్లకు బయట పని చేసుకునే హక్కు లేదు. రేషన్ బియ్యం ఉన్నా చేతిలో డబ్బు ఉండదు కాబట్టి దొంగచాటుగా తక్కువ కూలికి వెళ్తారు. ఆ చవక కూలీ పొలం ఆసామికీ, మేస్త్రీకీ లాభం. ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లకూ, సహాయ సంస్థల్లో ఉద్యోగాలు దొరికిన చదువుకున్న కుర్రాళ్లకూ రాబడి పెరిగింది. రోజుకూలీకి మాత్రం రేటు పడిపోయింది. ఇద్దరూ ‘స్థానికులే’, కానీ ఇద్దరి అనుభవం ఒకటి కాదు.

కొన్ని కష్టాలకు కారణం వేరే అయినా నింద మాత్రం శిబిరం మీదే పడింది. 2017లో మాదకద్రవ్యాల రవాణానూ, వలసనూ ఆపాలని ప్రభుత్వం నాఫ్ నదిలో చేపల వేట నిషేధించింది. నోటి కూడు పోయిన జాలర్ల కోపం నిషేధం పెట్టినవాళ్ల కంటే ఎక్కువగా రోహింగ్యాల మీదికే మళ్లింది. అలాంటి ఆదేశం కంటికి కనిపించదు, గుట్ట మీది గుడారాలు కనిపిస్తాయి.

వంటచెరకు విషయం అలా కాదు, అక్కడ నష్టం నిజమే. శిబిరాల కోసం, పొయ్యిల కోసం వేల ఎకరాల అడవి పోయింది. కర్రల కోసం రెండు వర్గాలూ అడవిలోనే తగాదా పడేవి. 2018 నుంచి సహాయ సంస్థలు గ్యాస్ సిలిండర్లు ఇవ్వడం మొదలుపెట్టాయి, శిబిరంలోని వాళ్లకే కాక చుట్టుపక్కల కొన్ని స్థానిక కుటుంబాలకు కూడా. కట్టెల వాడకం బాగా తగ్గింది. నా దృష్టిలో ఆ ప్రాంతంలో జరిగిన తెలివైన పని ఇదే: ఎవరికీ సామరస్యం గురించి పాఠాలు చెప్పలేదు, తగవుకు మూలమైన కొరతను తగ్గించారు.

ప్రభుత్వం ఎక్కువగా మొగ్గింది మాత్రం రెండో దారికి. 2019లో శిబిరాల్లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేసింది, తర్వాత ముళ్లకంచె వేసింది. 2020 డిసెంబరు నుంచి కొందరిని బంగాళాఖాతంలోని భాసన్ చర్ దీవికి తరలించింది. కంచె కట్టినా ఆకలి ఆగదు. 2023లో విరాళాలు తగ్గి, మనిషికి నెలకు 12 డాలర్లున్న రేషన్ మొదట 10కి, తర్వాత 8కి పడింది. అప్పట్లో ఆ నాలుగు డాలర్ల లోటు పూడ్చుకోవడానికి శిబిరంలోని మనిషికి మిగిలిన దారి కంచె దాటి కూలికి పోవడమే అయింది. అక్కడ అడ్డా మీద పనికోసం నిలబడి ఉన్నది ఉఖియా రోజుకూలీ.