డ్రిల్లు మాస్టారి కాగితం... మన వంటింటి భాషలో!

పాప పరుగు బాగుందని డ్రిల్లు మాస్టారు ప్రాక్టీసుకి పిలుస్తారు. వారం తిరక్కుండా ఓ కాగితం ఇంటికొస్తుంది. అందులో ఇలా ఉంటుంది: ‘మంగళ: వార్మప్, 5 × 200, రికవరీ 3, ఎఫర్ట్ 7, కూల్‌డౌన్.’ పాపకి సగం అర్థమవుతుంది. మనకి ఆ సగమూ అవదు. పిల్ల వెళ్తోంది, వస్తోంది, అంతే చాలనుకుని దాన్ని మడిచి క్యాలెండరు వెనక దోపేస్తాం.

నిజానికి ఆ కాగితం మనకోసం కూడా. ఏ సాయంత్రం పాపకి పని చెప్పకూడదో, ఏ పూట కాస్త ఎక్కువ పెట్టాలో, ఏ నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదో అన్నీ దాన్ని బట్టే తెలుస్తాయి. దాన్ని మన భాషలోకి మార్చుకోవడం ఎలాగో చూద్దాం.

ముందు ‘లోడు’ అంటే ఏమిటి?

కోచ్‌ల నోట తరచు వినిపించే మాట ‘లోడ్’. ఈ మాట సాలూరు ఆడవాళ్ళకి కొత్తగా చెప్పాలా! లారీల ఊరు మనది. ఒడిశా వైపు ఘాటీ ఎక్కే బండికి ఎంత సరుకు వేయాలో ఇక్కడ చిన్నపిల్లలక్కూడా తెలుసు. పిల్లల ఒంటికీ అదే లెక్క. వారం మొత్తం మీద ఒంటి మీద పడే బరువే లోడు.

బరువులెత్తే వాళ్ళకి ఈ లెక్క కళ్ళకి కనిపిస్తుంది. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చినప్పుడు ఎత్తింది ఒకసారి 110 కిలోలు, మరోసారి 130 కిలోలు, కలిపి 240. ఎంత బరువో కడ్డీ మీదే ఉంది. కానీ పరిగెత్తే పిల్ల మీద ఎంత బరువు పడిందో ఏ కడ్డీ మీదా కనపడదు. అందుకే కాగితంలో రెండు సంగతులు తప్పనిసరిగా ఉండాలి. ఎంతసేపు? ఎంత కష్టంగా? ఈ రెండూ లేని కాగితం ఉప్పూకారం కొలత లేకుండా రాసిన వంటకం లాంటిది.

కష్టానికి కొలత

‘ఎఫర్ట్ 7’ అంటే పది మార్కులకి ఏడు మార్కుల కష్టం అని. సున్నా అంటే కూర్చున్నట్టు, పది అంటే ఇక ఒక్క అడుగు వెయ్యలేనట్టు. ఈ కొలతని మొదట తయారుచేసింది స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. మన ఇంట్లో దాన్ని ఇలా చెప్పుకుందాం.

పరిగెడుతూ పాట పాడుకోగలిగితే 2. మాట్లాడగలదు కానీ పాడలేదు అంటే 3 లేక 4. ఒకటి రెండు మాటలకే ఊపిరి అందకపోతే 6 లేక 7. అసలు మాటే రాకపోతే 9 పైన.

ఈ నాలుగు వాక్యాలూ కాగితం పైభాగాన పెద్ద అక్షరాలతో రాసుకుంటే పాపకీ, మీకూ, మాస్టారికీ ఒకటే భాష అవుతుంది.

ఒక వారం కాగితం

స్కూలు ఆటల పోటీల్లో 14 ఏళ్ళ లోపు వాళ్ళ విభాగంలో 600 మీటర్ల పరుగు ఉంటుంది. ఆ పందేనికి తయారయ్యే 13 ఏళ్ళ పాపకి వారం కాగితం ఎలా ఉండొచ్చో నమూనాగా ఇస్తున్నాం.

సోమవారం: హాయిగా పరుగు, తర్వాత తాడాట. 45 నిముషాలు. కష్టం 3.
మంగళవారం: గట్టి రోజు. 200 మీటర్లు ఐదుసార్లు, మధ్యలో మూడేసి నిముషాలు నడక. ముందూ వెనకా నెమ్మది పరుగుతో కలిపి 60 నిముషాలు. కష్టం 7.
బుధవారం: సెలవు.
గురువారం: గుంజీలు, ఒంటికాలి గెంతులు, మోచేతుల మీద ఆని ఒళ్ళు నిటారుగా నిలపడం. 40 నిముషాలు. కష్టం 4.
శుక్రవారం: చాలా నెమ్మది పరుగు. 30 నిముషాలు. కష్టం 2.
శనివారం: రెండో గట్టి రోజు. 60 మీటర్ల వేగం పరుగులు, మధ్యలో బాగా విశ్రాంతి. 60 నిముషాలు. కష్టం 6.
ఆదివారం: సెలవు.

చూశారా, గట్టి రోజులు రెండే. అవీ పక్కపక్కన లేవు. ఇది కాగితంలో మొట్టమొదట చూడవలసిన సంగతి. గట్టి రోజున కండరం అలిసిపోతుంది. అది కోలుకుని మునుపటికన్నా బలపడేది మర్నాడు, ఆ మర్నాడు. వరసగా రెండు గట్టి రోజులు పెడితే కోలుకునే వ్యవధి ఉండదు. పిల్లల డాక్టర్లు వారానికి కనీసం ఒకటి రెండు రోజులు పూర్తి సెలవుండాలంటారు. పాపకి ఎన్నేళ్ళో వారానికి అన్ని గంటలు మించకూడదన్నది వాళ్ళు చెప్పే మరో హద్దు. మన నమూనాలో మొత్తం 235 నిముషాలు, అంటే నాలుగు గంటల లోపే.

మంగళవారం వరసలో ‘రికవరీ 3’ అన్నదే ఆ మూడు నిముషాల నడక. ‘ఊరికే నడుస్తోందేం?’ అని గట్టు మీద కూర్చున్న మనకి అనిపిస్తుంది. ఆ నడకే లేకపోతే తర్వాతి పరుగు వేగంగా సాగదు. మొదటి 200 మీటర్లు 38 సెకన్లలో పరిగెత్తిన పాప ఐదోది 39, 40లో ముగిస్తే సరిగ్గా చేసినట్టు. 44 పట్టిందంటే మొదట్లో మరీ జోరు చేసిందన్నమాట, లేదా నడక తగ్గించుకుంది. అలాంటప్పుడు ఆరోది చేయించకుండా ఆపేయడమే మేలు.

ఇప్పుడు కూడిక చేద్దాం

పాల లెక్క, చాకలి పద్దు రాసే మనకి ఇది కష్టమేం కాదు. నిముషాల్ని కష్టం మార్కుతో హెచ్చవేయాలి. అమెరికాలో కార్ల్ ఫోస్టర్ అనే వ్యాయామ శాస్త్రజ్ఞుడు ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. సోమవారం 45 × 3 = 135. మంగళవారం 60 × 7 = 420. గురువారం 160, శుక్రవారం 60, శనివారం 360. మొత్తం 1135. మాస్టారు వేసిన సరుకు ఇదీ.

మరి పాప మోసిందెంత? ఇంటికొచ్చాక, ప్రాక్టీసు అయిన అరగంటకి, ‘ఏమ్మా, ఇవాళ ఎంత?’ అని అడగండి. మైదానంలోనే అడిగితే చివరి పరుగు ఆయాసం బట్టి చెప్పేస్తుంది. అరగంట ఆగితే మొత్తం ప్రాక్టీసుకి కలిపి చెబుతుంది. చెప్పిన మార్కుని పక్క గడిలో పాప చేతే రాయించండి.

సోమవారం స్నేహితురాలితో పోటీపడి పరిగెత్తింది, 6 అంది. అంటే 45 × 6 = 270. శుక్రవారం కూడా అంతే, 30 × 6 = 180. బుధవారం సెలవు గదా అని స్కూల్లో కబాడ్డీకి లాక్కెళ్ళారు. 40 నిముషాలు, కష్టం 6, అంటే 240. ఇప్పుడు కూడండి: 270, 420, 240, 160, 180, 360. మొత్తం 1630!

మాస్టారి కాగితంలో ఒక్క అక్షరం మారలేదు. కానీ వేసిన సరుకు 1135, బండి మోసింది 1630. పిల్లల ప్రాక్టీసులో తరచుగా జరిగే పొరపాటు ఇదే. నెమ్మది రోజుల్ని గట్టి రోజులుగా మార్చేసుకుంటారు. దాంతో అసలు గట్టి రోజున కాళ్ళు లేవవు. ‘ఇంత చేస్తున్నా టైము తగ్గట్లేదేం?’ అని పాప ఇంకా ఎక్కువ చేస్తుంది.

ఇలా జరిగితే కోప్పడక్కర్లేదు. నిండిన కాగితాన్ని మాస్టారికి పంపండి. కబాడ్డీ సంగతి ఆయనకి తెలిసే అవకాశం లేదు. తర్వాతి వారం గట్టి రోజు ఒకటి తగ్గిస్తారు. గట్టి రోజు సాయంత్రం నీళ్ళ బిందెలు మోయించడం లాంటివి మీరు మానిపించండి, ఆ బరువూ బరువే మరి. ఆ పూట ఇంటికి రాగానే ఓ గ్లాసు చోడంబలి మజ్జిగతో, తర్వాత పప్పన్నమో గుడ్డుతో అన్నమో పెడితే చాలు, ఖరీదైన డబ్బా పొడులేం అక్కర్లేదు.

ఈ లెక్కకీ హద్దులున్నాయి

పక్కింటి పిల్ల మొత్తంతో మన పిల్ల మొత్తాన్ని పోల్చకండి. ఒకరి 5 మరొకరికి 7. పాప కిందటి వారం మొత్తంతోనే పోల్చాలి. వారం వారం పెరుగుదల పదోవంతు దాటకుండా చూడమంటారు గానీ అదీ ఓ అంచనా మాత్రమే. బాగా చిన్నపిల్లలు మార్కులు సరిగా చెప్పలేరు. వాళ్ళకి నవ్వు మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం బొమ్మలు గీసిస్తే చాలు. మరో సంగతి, తక్కువ చెబితే మాస్టారు మెచ్చుకుంటారనుకునే పిల్లలూ ఉంటారు. అన్నం సరిగా తినకపోవడం, నిద్ర చెదరడం, ఊరికే చిరాకుపడటం వరసగా కొన్ని రోజులు కనిపిస్తే మార్కుని కాదు, పిల్లని నమ్మండి.

నొప్పికి ఒక గడి

కాగితం చివర ‘నొప్పి’ అని ఇంకో గడి గీయండి. గట్టి రోజు మర్నాడు రెండు తొడలూ, రెండు పిక్కలూ సమానంగా పట్టేసి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే అది కండరాల అలసట. భయం లేదు.

ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగే నొప్పి వేరు. ఎత్తు గబగబా పెరిగే ఏడాదిలో మోకాలిచిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి పుట్టడం, మడమ వెనక నొప్పి రావడం పరిగెత్తే పిల్లల్లో మామూలు. అక్కడ ఎముక ఇంకా గట్టిపడలేదు, దాన్ని కండరం పదేపదే లాగుతుంటుంది. గెంతులూ వేగం పరుగులూ కొన్ని వారాలు తగ్గిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. నూనె రాసి గట్టిగా తోమించకండి. కుంటుతున్నా, రాత్రి నొప్పితో లేచినా, వాచినా ఆ రోజు నుంచి పరుగు ఆపి డాక్టరుకి చూపించాలి.

ఆడపిల్లల తల్లులు కాగితం మూలన నెలసరి తేదీ కూడా ఓ చుక్కతో గుర్తు పెట్టుకోండి. మొదలైన తర్వాత మూడు నెలలు వరసగా రాకపోయినా, 15 ఏళ్ళు నిండినా మొదలవకపోయినా డాక్టరమ్మని అడగాలి. పరుగుకి సరిపడా తిండి అందకపోవడం దానికో కారణం కావచ్చు.

ఈ ఆదివారం పాప నోటుబుక్కులోంచి ఓ తెల్లకాగితం తీసి ఆరు గడులు గీయండి: రోజు, ఏం చేయాలి, ఎంతసేపు, మాస్టారు చెప్పిన కష్టం, పాప చెప్పిన కష్టం, నొప్పి. మొదటి నాలుగూ మాస్టారిని అడిగి నింపండి, చివరి రెండూ పాపకి వదిలేయండి. కూడిక మాత్రం మీది!