మూత తీస్తే మదర్‌బోర్డుకు గుర్తుంటుంది

ఆఫీసుల కోసం తయారుచేసే చాలా డెస్క్‌టాప్ కంప్యూటర్లలో, కేసు లోపలి అంచున ఒక చిన్న స్విచ్ ఉంటుంది. పక్క మూత బిగిస్తే అది నొక్కుకుని ఉంటుంది, మూత తీస్తే వదులవుతుంది. దాని తీగలు మదర్‌బోర్డు మీద కేటాయించిన పిన్నులకు వెళతాయి. స్విచ్ వదులైన క్షణంలో చిప్‌సెట్‌లో ఒక గుర్తు పడుతుంది. మూత మళ్లీ పెట్టినా అది చెరగదు, ఎవరో ఒకరు తుడిచేదాకా అలాగే ఉంటుంది. గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీయే ఈ భాగాన్నీ నడుపుతుంది కాబట్టి, ప్లగ్ పీకేసి మూత తెరిచినా తప్పించుకోలేరు.

అయితే ఆ గుర్తును చదివి నోరు విప్పేది బయోస్. అది పని మొదలుపెట్టేది కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు. అందుకే హెచ్చరిక మరుసటి స్టార్టప్ దాకా ఆగుతుంది.

డెల్ ఆప్టిప్లెక్స్ సంగతి చూద్దాం. సెటప్‌లో `Chassis Intrusion` అనే అంశం కింద మూడు ఎంపికలు ఉంటాయి. `Disabled` పెడితే పట్టింపు లేదు. `Enabled` పెట్టిన కంప్యూటర్‌లో టెక్నీషియన్ ర్యామ్ మార్చి మూత బిగించాడనుకుందాం. ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు తెర మీద ఇలా కనిపిస్తుంది:

```
Alert! Cover was previously removed.
```

పాత మోడళ్లలో అక్కడ F1 నొక్కితే కంప్యూటర్ ముందుకు సాగుతుంది, F2 నొక్కితే సెటప్ తెరుచుకుంటుంది. F1 తో సరిపెట్టుకుంటే గుర్తు పోదు. సెటప్‌లోకి వెళ్లి హెచ్చరికను తుడిచి, సేవ్ చేసి బయటికి రావాలి. మూడో ఎంపిక `On-Silent`. ఇందులో సంఘటన నమోదవుతుంది గానీ తెర మీద ఏమీ కనిపించదు. వందల కంప్యూటర్లు చూసుకునే ఐటీ విభాగానికి పనికొచ్చేది నిజానికి ఇదే.

హెచ్‌పీ ఆఫీసు మోడళ్లు కొన్ని ఇంకాస్త కఠినం. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇస్తే తప్ప స్టార్టప్ ముందుకు కదలకుండా పెట్టుకోవచ్చు.

దొంగ లేకుండానే గంట మోగే సందర్భాలూ ఉన్నాయి. కొన్ని ఏసస్ మదర్‌బోర్డుల్లో ఆ పిన్నుల మీద ఒక చిన్న జంపర్ టోపీ ఉంటుంది. స్విచ్ లేని కేసులో బోర్డు బిగిస్తూ ఆ టోపీని ఊడదీస్తే, మూత తెరిచినట్టే లెక్క. `Chassis intruded!` అన్న సందేశంతో కంప్యూటర్ ఆగిపోతుంది. టోపీని యథాస్థానంలో పెడితే చాలు. మూత సరిగా కూర్చోకపోయినా, స్విచ్ తీగ వదులైనా ఇదే గొడవ. తుడిచిన హెచ్చరిక మర్నాడు మళ్లీ వస్తే ముందు చూడాల్సింది వీటినే.

గుర్తు చెప్పేది మూత తీశారని మాత్రమే. ఎవరు తీశారో, లోపల ఏం చేశారో చెప్పదు. సెటప్‌కు పాస్‌వర్డ్ లేకపోతే, తెరిచినవాడే వెంటనే కంప్యూటర్ ఆన్ చేసి హెచ్చరికను తుడిచేసి వెళ్లిపోవచ్చు. అందుకని `Enabled` ఎంచుకున్నప్పుడే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా పెట్టాలి.