ఆర్-స్క్వేర్డ్ చెప్పిందేమిటి, బంగారం చేసిందేమిటి

బంగారం వడ్డీ ఇవ్వదు. బీరువాలో పెట్టిన పది తులాల గొలుసు ఇరవై ఏళ్ల తర్వాత తీసినా పది తులాలే. అదే డబ్బు ప్రభుత్వ బాండులో ఉంటే ఏటా ఎంతో కొంత పెరిగేది. అంటే బంగారం దగ్గర పెట్టుకోవడానికి కంటికి కనిపించని ఖర్చొకటి ఉంది. అదే మనం వదులుకున్న వడ్డీ. ఆ వడ్డీలోంచి ధరల పెరుగుదలను తీసేస్తే మిగిలేది నిజ వడ్డీ. అది పెరిగితే బంగారం దాచుకోవడం భారమవుతుంది, తగ్గితే సులువవుతుంది. బంగారం ధర గురించి చదువుకున్నవాళ్లు ముందుగా చెప్పే సూత్రం ఇదే. తర్కంలో తప్పేమీ లేదు.

నిజ వడ్డీని కొలవడానికి ప్రపంచమంతా చూసేది అమెరికా ప్రభుత్వ 'టిప్స్' బాండ్లను. 1997లో మొదలైన ఈ బాండ్లలో అసలు మొత్తమే అక్కడి వినియోగదారుల ధరల సూచీతో పాటు పెరుగుతుంది. కాబట్టి వాటి మీద వచ్చే రాబడి ద్రవ్యోల్బణం పోగా మిగిలేదే. పదేళ్ల టిప్స్ రాబడి అంకెలు సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ వెబ్‌సైటులో DFII10 అనే పేరుతో ఉచితంగా దొరుకుతాయి.

ఇక గీత గీద్దాం. 2012 చివర ఈ రాబడి దాదాపు మైనస్ 0.7 శాతం, ఔన్సు బంగారం దాదాపు 1,660 డాలర్లు. 2018 చివర రాబడి ప్లస్ 1 శాతం, బంగారం 1,280. ఈ రెండు చుక్కలనూ కలిపితే, నిజ వడ్డీ ఒక శాతం పెరిగినప్పుడల్లా బంగారం సుమారు 220 డాలర్లు తగ్గుతుందని వస్తుంది. ఈ గీతను 2021 చివరికి పట్టుకెళ్లండి. అప్పుడు రాబడి మైనస్ 1 శాతం, గీత చెప్పే ధర 1,730 దగ్గర. అసలు ధర 1,800 పైచిలుకు. రెండు చుక్కలతో గీసిన గీతకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ రోజుల్లో ఈ బొమ్మ లేని బంగారం నివేదిక అరుదు.

2022లో అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లు గబగబా పెంచింది. ఏడాది చివరికి టిప్స్ రాబడి దాదాపు 1.6 శాతానికి చేరింది. మన గీత ప్రకారం బంగారం 1,150 దగ్గరికి పడిపోవాలి. అది 1,820 దగ్గరే నిలబడింది. 2024 చివరికి రాబడి 2.2 శాతం దాటింది, గీత వెయ్యి డాలర్లంది, ధర 2,600 దాటింది.

బంధం తెగిపోయిందని చాలామంది అన్నారు. నేనైతే ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను. అసలు ఆ గీత అంత చక్కగా అతికినట్టు కనిపించడానికి కారణమేమిటి?

గణాంకాల్లో ఈ అతుకును కొలిచే అంకె పేరు ఆర్-స్క్వేర్డ్. ఒక రాశిలోని ఎగుడుదిగుళ్లలో ఎంత వాటాను మన గీత వివరించిందో అది సున్నా నుంచి ఒకటి లోపు చెబుతుంది. 0.8 వస్తే 80 శాతం వివరించినట్టు. వినడానికి గట్టి సాక్ష్యంలా ఉంటుంది. అయితే 1926లోనే ఉడ్నీ యూల్ అనే బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త దీని గుట్టు విప్పాడు. 1866 నుంచి 1911 వరకు ఇంగ్లండులో చర్చి పెళ్లిళ్ల వాటానూ, మరణాల రేటునూ పక్కపక్కన పెడితే వాటి మధ్య సహసంబంధం 0.95 వచ్చింది. వర్గం చేస్తే ఆర్-స్క్వేర్డ్ 0.9. చర్చిలో పెళ్లి చేసుకోవడం మానేస్తే చావులు తగ్గుతాయని కాదుగా. రెండూ అదే కాలంలో మెల్లగా తగ్గుతూ వచ్చాయి, అంతే. 1974లో గ్రాంజర్, న్యూబోల్డ్ ఇంకో అడుగు వేసి, ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు దారి తప్పిన వరుసలను కంప్యూటరులో పుట్టించినా వాటి మధ్య గట్టి బంధం ఉన్నట్టు లెక్క చూపిస్తుందని రుజువు చేశారు. బంగారం ధర, టిప్స్ రాబడి సరిగ్గా అలాంటి వరుసలే. నిన్నటి అంకె పక్కనే ఇవాళ్టి అంకె ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకటి పైకీ ఒకటి కిందికీ జారితే ఆర్-స్క్వేర్డ్ ఊరికే ఉబ్బిపోతుంది. చూడటానికి వందల చుక్కలున్నా నిజానికి సాక్ష్యం రెండు మూడు పెద్ద జారుళ్లదే.

అందుకే పని తెలిసినవాళ్లు ధరలను వదిలి మార్పులను తీసుకుంటారు. బంగారం ఈ వారం ఎంత శాతం మారింది, డాలర్ సూచీ ఎంత శాతం మారింది, టిప్స్ రాబడి ఎన్ని పాయింట్లు మారింది. ఈ చివరిదానికి శాతం లెక్క పనికిరాదు. రాబడి మైనస్ 0.1 నుంచి ప్లస్ 0.1కి వెళ్తే అది ఎంత శాతం మార్పని చెబుతారు? నేరుగా తీసివేత చేసి 0.2 పాయింట్లు అనాలి. రోజుకు బదులు వారం ఎంచుకోవడానికీ కారణముంది. లండన్ బంగారం ధర అక్కడి మధ్యాహ్నం మూడింటికి ఖరారవుతుంది. అమెరికా బాండ్ల అంకె అది ముగిసిన కొన్ని గంటల తర్వాతిది. ఆ మధ్యలో ఏదైనా వార్త వస్తే బాండ్లలో ఇవాళ, బంగారంలో రేపు కనిపిస్తుంది. రోజువారీ లెక్కలో ఇది బంధాన్ని లేనంత బలహీనంగా చూపిస్తుంది. నిన్నటి బాండు మార్పును కూడా లెక్కలో కలిపినప్పుడు అది గట్టిగా పలికితే, గడియారాలు కలవలేదని అర్థం.

ఎక్సెల్‌లో B నిలువు వరుసలో రాబడి మార్పు, Cలో డాలర్ మార్పు, Dలో బంగారం మార్పు ఉన్నాయనుకుంటే రిగ్రెషన్ మొత్తం ఒక్క వాక్యమే:

```
=LINEST(D2:D105, B2:C105, TRUE, TRUE)
```

జవాబులో మూడో అడ్డు వరుస మొదటి గడిలో ఆర్-స్క్వేర్డ్ ఉంటుంది. గుణకాలు మాత్రం తిరగబడి వస్తాయి. ముందు డాలర్‌ది, తర్వాత రాబడిది, చివర స్థిరాంకం. ఇది తెలియక రెండింటినీ తారుమారు చదివినవాళ్లున్నారు. మొదటిసారి నేనూ అందులో ఒకణ్ని.

ఇలా మార్పులతో చేస్తే ఆర్-స్క్వేర్డ్ బాగా చిన్నదవుతుంది. ఉదాహరణకు 0.36 వచ్చిందనుకుందాం. 36 శాతం వివరించాం కదా అని సంబరపడే ముందు ఒక చిన్న లెక్క చేయాలి. ఇక్కడ వివరించింది ఎగుడుదిగుళ్ల వర్గాలను, ఎగుడుదిగుళ్లను కాదు. బంగారం మామూలుగా వారానికి 2 శాతం అటూఇటూ ఊగుతుందనుకోండి. వివరించనిది 0.64 వాటా, దాని వర్గమూలం 0.8. కాబట్టి రాబడి, డాలర్ రెండూ తెలిశాక కూడా 1.6 శాతం ఊపు మిగిలే ఉంటుంది. 36 శాతం వివరణతో మన పొరపాటు తగ్గింది అయిదో వంతే. పొరపాటును సగానికి దించాలంటే ఆర్-స్క్వేర్డ్ 0.75 ఉండాలి.

పైగా ఈ 'తెలిశాక' అన్న మాటలోనే ఒక మెలిక ఉంది. మనం కలిపింది ఈ వారం బంగారాన్ని ఈ వారం రాబడితోనే. వచ్చే వారం బంగారం చెప్పాలంటే ముందు వచ్చే వారం రాబడి తెలియాలి. అది తెలిసినవాడికి బంగారంతో పనేముంది, బాండ్లలోనే కోటీశ్వరుడవుతాడు.

ఇప్పుడు 2022 చివరికి వద్దాం. అక్కడి నుంచి 2024 చివరి దాకా 104 వారాల్లో బంగారం 1,820 నుంచి 2,600 పైకి, అంటే సుమారు 43 శాతం పెరిగింది. చక్రవడ్డీ లెక్కన వారానికి 0.35 శాతం. అదే సమయంలో టిప్స్ రాబడి తగ్గలేదు, 0.6 పాయింట్లు పెరిగింది. డాలర్ సూచీ కూడా 103.5 నుంచి 108.5 దాకా బలపడింది. రాబడి ఒక పాయింటు పెరిగితే బంగారం 10 శాతం, డాలర్ ఒక శాతం బలపడితే బంగారం 0.8 శాతం పడుతుందని గుణకాలు పెట్టుకుందాం. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్నవి. ఆ రెండూ కలిసి బంగారాన్ని 10 శాతం కిందికి లాగాలి, వారానికి సుమారు 0.1 చొప్పున. జరిగింది పైకి 0.35. మరి తేడా 0.45 ఎక్కడికి పోయింది?

స్థిరాంకంలోకి పోయింది. రిగ్రెషన్ ప్రతి వారానికీ ఒకే మొత్తాన్ని కలిపే ఆ మూడో అంకెలో రెండేళ్ల ఎదుగుదల అంతా దాక్కుంది. ఆర్-స్క్వేర్డ్‌కు ఇది పట్టదు. ఎందుకంటే అది ముందుగా సగటును తీసేసి, ఆ తర్వాతే ఎగుడుదిగుళ్లు కొలుస్తుంది. రాబడి పెరిగిన వారాల్లో బంగారం కాస్త తక్కువగా, తగ్గిన వారాల్లో కాస్త ఎక్కువగా పెరిగితే చాలు, 0.36 చెక్కుచెదరకుండా ఉండొచ్చు. అలల ఎత్తును చక్కగా చెప్పే లెక్క, ఆటుపోటు గురించి ఒక్క ముక్కా చెప్పదు. కాబట్టి బంధం తెగిందన్నవాళ్లదీ, బంధం ఉందన్నవాళ్లదీ నిజమే కావచ్చు. వాళ్లు కొలిచింది వేర్వేరు సంగతులను.

స్థిరాంకం గడి కింద దాని ప్రామాణిక దోషం ఉంటుంది. మన ఉదాహరణలో అది 1.6ను 104 వర్గమూలంతో భాగిస్తే వచ్చే సుమారు 0.16. స్థిరాంకం 0.45 అంటే దోషానికి దాదాపు మూడింతలు. ఏదో బయటి చెయ్యి ఉందని ఆ గడి చెబుతూనే ఉంది. నివేదికల్లో అచ్చయ్యేది మాత్రం ఆర్-స్క్వేర్డే.

ఆ బయటి చెయ్యి ఎవరిదన్నదానికి అందరూ చూపించేది కేంద్ర బ్యాంకులను. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా విదేశీ నిల్వల్లో సుమారు 300 బిలియన్ డాలర్లను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ లెక్కల ప్రకారం 2022, 2023, 2024ల్లో ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కేంద్ర బ్యాంకుల ఖజానాల్లో చేరింది. అంతకు ముందు దశాబ్దపు సగటు దానిలో సగం. ఈ వివరణ నాకు నమ్మదగినదిగానే తోస్తుంది. కానీ దీన్ని రిగ్రెషన్‌లో పెట్టి తేల్చడం కష్టం. ఆ కొనుగోళ్లలో కొంత భాగం ఎవరూ ప్రకటించరు, ప్రకటించినవీ వారంవారం రావు.

డాలర్ సంగతి ఇంకాస్త తిరకాసు. బంగారాన్ని తూచేదే డాలర్‌తో. తూకపురాయి తేలికైతే సరుకు బరువు పెరిగినట్టు కనిపిస్తుంది. డాలర్ పడినప్పుడు బంగారం పెరగడంలో కొంత భాగం మదుపరుల ఆలోచన కాదు, ఉత్త కొలత మార్పు. పైగా అమెరికా నిజ వడ్డీ పెరిగితే డాలర్ కూడా బలపడుతుంది. రాబడి ఒక్కటే పెడితే 0.25, డాలర్ ఒక్కటే పెడితే 0.24, రెండూ కలిపితే 0.36 వచ్చాయనుకోండి. ఇందులో 0.13 రెండిటి ఉమ్మడి ఆస్తి. ఎవరి ఖాతాలో వేయాలో ఈ అంకెలు చెప్పవు.

ఈ కొలత సంగతి మన రూపాయి ధర దగ్గర బాగా తెలుస్తుంది. డాలర్ ఒక శాతం బలపడి, బంగారం డాలర్లలో ఒక శాతం తగ్గి, రూపాయి కూడా డాలర్‌తో ఒక శాతం పడితే విజయవాడ దుకాణంలో బోర్డు మీద అంకె మారదు. న్యూయార్కులో గట్టిగా పలికిన గుణకం ఇక్కడ సున్నా దగ్గరికి వస్తుంది. 2024 జూలై 23న కేంద్ర బడ్జెట్టు బంగారంపై దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6కు దించింది. మిగతావన్నీ అలాగే ఉంటే, 1.15తో హెచ్చించిన ధరను ఇక 1.06తో హెచ్చించాలి, అంటే దాదాపు 8 శాతం తక్కువ. ఆ వారాన్ని రూపాయి లెక్కలో వదిలేస్తే రాబడికీ డాలర్‌కూ సంబంధం లేని ఆ పతనాన్ని కూడా రిగ్రెషన్ ఏదో ఒక గుణకానికి కొంచెం అంటగడుతుంది. ఆ ఒక్క వరుసకు విడిగా ఒక గుర్తు పెట్టి లెక్కలోంచి తప్పించాలి.